రిప్లై టైమ్ చూసి ఇష్టం అంచనా వేయడం: రెండేళ్లు వాడాక నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పెద్దమ్మ కూతురు తన పెళ్లి కుదరగానే నాకో పద్ధతి అప్పజెప్పింది. సంబంధం వచ్చి, ఫొటోలు నచ్చి, పెద్దవాళ్లు నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాక అబ్బాయితో వాట్సాప్‌లో మాట్లాడే రెండు మూడు వారాలు ఉంటాయి కదా, ఆ రోజుల కోసం. అతను ఎంతసేపటికి బదులిస్తున్నాడు, ఎంత రాస్తున్నాడు, తనంతట తాను ఏమైనా అడుగుతున్నాడా, ఈ మూడూ చూడమంది. రెండు బాగుంటే ఒక మెట్టు దగ్గరవ్వాలి, రెండు బాగోకపోతే ఒక మెట్టు తగ్గాలి. ఆమె లెక్కలో అడిగినదానికి మర్యాదగా బదులివ్వడం మొదటి మెట్టు. అడక్కుండానే మన రోజు సంగతి చెప్పడం రెండోది. వాయిస్ మెసేజ్, ఫొటో మూడోది. మనమే ఫోన్ చేయడం నాలుగోది.

నేను విజయవాడ పటమటలో ఉంటాను, బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పని. రెండేళ్లలో తొమ్మిది సంబంధాలకు దీన్ని వాడాను. అనవసరంగా ఆశలు పెంచుకోకుండా చాలాసార్లు కాపాడింది. ఒకసారి మాత్రం బాగా ముంచబోయింది.

మూడింట్లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది రిప్లై టైమ్. ఎక్కువ మోసం చేసిందీ అదే. మూడో సంబంధం అబ్బాయి పది సెకన్లలో బదులిచ్చేవాడు, అదీ పేరాలకు పేరాలు. వాళ్ల ఆఫీసు, బైక్, ఆదివారం క్రికెట్. నేను మురిసిపోయి మూడో మెట్టు దాకా ఎక్కేశాను. రెండు వారాలయ్యాక చాట్ పైకి జరిపి చూస్తే అతను నన్ను అడిగింది ఒక్కటే: "తిన్నారా?" రోజూ రాత్రి తొమ్మిదింటికి. మనలో అది ప్రశ్న కాదండి, పలకరింపు. దాన్ని ప్రశ్నల లెక్కలో వేస్తే ప్రతివాడూ మనమీద ప్రాణం పెట్టుకున్నట్టే కనిపిస్తాడు. అతనికి వినేవాళ్లు కావాలి, అది నేనే కానక్కర్లేదు.

పొడవు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కొందరు మైక్ నొక్కి మాట్లాడేస్తారు, కొందరికి టైపింగ్ అంటేనే బద్ధకం. ఒకరి మెసేజ్ ఇంకొకరిదానితో పోల్చడం దండగ. నిన్నమొన్నటిదాకా నాలుగు లైన్లు రాసినవాడు ఇవాళ ఒక లైన్‌కి తగ్గాడా అనేదే పనికొస్తుంది. రిప్లై టైమ్‌కీ ఇదే వర్తిస్తుంది. అందుకే మొదటి వారం ఏ నిర్ణయానికీ రాకుండా ఆ మనిషి మామూలు తీరు గమనించడం అలవాటు చేసుకున్నాను. బ్లూ టిక్‌లను అసలు పట్టించుకోను. ఆ సెట్టింగ్ ఆపేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్రశ్నల్లో కూడా రెండు రకాలున్నాయి. జీతమెంత, పెళ్లయ్యాక ఉద్యోగం చేస్తారా, వంట వచ్చా, ఇవి అమ్మాయి ఎవరైనా అడిగేవి. ఇంకో రకం మనం చెప్పిన మాటలోంచే పుడతాయి. "మా బ్రాంచ్‌లో ఆడిట్ నడుస్తోంది" అంటే "ఎన్ని రోజులుంటుంది, రాత్రి దాకా ఉండాలా?" అని వస్తే మన మాట చెవిలో పడిందన్నమాట. 2017లో హార్వర్డ్ పరిశోధకులు అచ్చు వేసిన ఒక అధ్యయనంలోనూ ఇదే తేలింది. స్పీడ్ డేటింగ్‌లో ఎదుటివారి జవాబు మీద మళ్లీ ప్రశ్న వేసినవాళ్లతోనే ఇంకోసారి కలవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు. మా అక్కకి ఆ సంగతి తెలియదు కానీ ఆమె మూడో గుర్తు మాత్రం గట్టిది.

ఇక అసలు సంగతి. ఎనిమిదో సంబంధం గుంటూరుది. మిర్చి యార్డులో వాళ్లకు కమిషన్ కొట్టు ఉంది, తండ్రితో పాటు అతనూ అక్కడే. ఫిబ్రవరి నెలాఖరులో మాట్లాడటం మొదలైంది. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి మెసేజ్ పెడితే సాయంత్రం నాలుగుంపావుకి, "ఇప్పుడే తెరిపిన పడ్డానండి. మీరు?" అని ఒక లైన్ వచ్చింది. మంగళవారం అంతే, బుధవారమూ అంతే. టైమ్ బాగోలేదు, పొడవు బాగోలేదు, అంటే రెండు పోయినట్టే. అప్పటికి నా మొదటి వారం నియమం ఇంకా పుట్టలేదు. పద్ధతి ప్రకారం ఒక మెట్టు తగ్గాను. "హా అండి", "సరే అండి" తప్ప ఏమీ రాయలేదు. అతనూ తగ్గాడు. నేను ఇంకా తగ్గాను. రెండో వారం చివరికి మా చాట్ కరెంటు బిల్లు మెసేజ్‌లకంటే చప్పగా తయారైంది.

ఆ ఆదివారం ఏం తోచక, పాత డైరీలో చివరి పేజీ తీసి పదహారు రోజుల చాట్‌ని రోజు, టైమ్, ప్రశ్న అని మూడు గళ్లలో రాసుకున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా బదులు రావడానికి ఆరేడు గంటలు. శనివారం, ఆదివారం అయిదు నిమిషాలు దాటలేదు. యార్డుకి ఆ రెండు రోజులూ సెలవు! మిగతా అయిదు రోజులు సీజన్‌లో పొద్దున బేరాలు, తర్వాత కాటాలు, ఆ తర్వాత రైతులకు తక్‌పట్టీలనే లెక్క చీటీలు రాసివ్వడం. టిక్కీలనే మిర్చి బస్తాల మధ్య నిలబడి, కారం ఘాటుకి తుమ్ముతూ ఫోన్ ఎవరు తీస్తారు? మూడో గడిలో ఇంకోటి దొరికింది. మంగళవారం నేను ఆడిట్‌లో ఒక ఫైల్ కనిపించట్లేదని రాశాను. శనివారం పొద్దున్నే అతని మెసేజ్: "ఆ ఫైల్ దొరికిందా అండీ?" నాలుగు రోజులు గుర్తుపెట్టుకున్నాడు. నేను దానికి "హా" అని పెట్టి ఊరుకున్నాను. నామీద నాకే కోపమొచ్చింది.

ఆ రోజే ఎవరూ అడక్కుండా పెద్ద మెసేజ్ రాశాను. ఫైల్ ఎక్కడ దొరికిందో (మేనేజర్ గారి సొరుగులోనే), ఆడిటర్ ముందు ఆయన ముఖం ఎలా పెట్టారో అంతా. నిమిషంలో ఫోన్ వచ్చింది. మాటల్లో అతనే అన్నాడు, "మీరు రెండు ముక్కలకి తగ్గారు కదండీ. ఇష్టం లేదేమో, ఇబ్బంది పెట్టడమెందుకని నేనూ తగ్గించాను" అని.

ఈ పద్ధతిలో పెద్ద లోపం ఇదే. మా అక్క దీన్ని వాడినప్పుడు బావగారికి ఈ లెక్కలేవీ తెలియవు, అందుకే పనిచేసింది. ఇద్దరూ ఎదుటివాణ్ణి చూసి తగ్గించుకుంటూ పోతే ఇష్టం ఉన్నా చాట్ చల్లారిపోతుంది. మనం చదువుతున్నది అతని మనసునో, మన చల్లదనానికి అతనిచ్చిన జవాబునో తెలియదు. అందుకని ఇప్పుడు వారానికి ఒక్కసారైనా లెక్క చూడకుండా ఒక మెట్టు పైనుంచి రాస్తాను, అదీ అతనికి ఖాళీ దొరికే రోజు చూసి. దానిమీద తిరిగి ప్రశ్న వస్తే కొనసాగిస్తాను. రెండు వారాలు వరసగా రాకపోతే ఇంట్లో వద్దని చెప్పేస్తాను. గుంటూరువాళ్ల జాతకాలు తేలేలోపు వచ్చిన తొమ్మిదో సంబంధానికి అలాగే చెప్పాను, తప్పనిపించలేదు.

గుంటూరు సంబంధం దగ్గర పెద్దవాళ్లు జాతకాల మీద ఒక నెల ఆగారు. మేం ఆగలేదు. యార్డుకి వేసవి సెలవులిచ్చాక మొదటి సోమవారం పదకొండింటికి మెసేజ్ వచ్చింది: "బెంజ్ సర్కిల్ దగ్గరున్నాను. లంచ్‌కి బయటికి రాగలరా?" నా ఎదురుగా హౌసింగ్ లోన్ కోసం వచ్చిన కుటుంబం కూర్చుని ఉంది, ఫోన్ సొరుగులో ఉంది. నేను చూసేసరికి ఒంటిగంటన్నర. అతను ఇంకా అక్కడే ఉన్నాడు.