పేకలా కలిపిన ఆ రిపోర్టును నమ్మకండి

ఆ బ్యాంక్ నిఫ్టీ స్ట్రాటజీ అమ్మే పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు, పరిచయం అక్కర్లేదు. 12,000 ఇచ్చి కొన్నాను. ఐదు రోజుల్లో 90,000 పోయాయి.

నన్ను పడగొట్టింది ఆయన మాంటే కార్లో రిపోర్టు. ముగిసిన 200 ట్రేడ్లను పేక కలిపినట్టు వెయ్యిసార్లు కలిపారట. ఏ వరుసలో వచ్చినా చివరి లాభం అదే 60,000. మారేది దారిలో ఎంత లోతుకు పడతామన్నదే. నూటికి 95 సార్లు డ్రాడౌన్ 74,000 దాటలేదు, వరుస నష్టాలు ఎనిమిది దాటలేదు. దానికి రెట్టింపు, లక్షన్నర పెట్టుకుని ధీమాగా దిగాను.

రెండో రోజుకే ఎనిమిది నష్టాలు పూర్తయ్యాయి. ఇక గండం గడిచిందనుకుని మూడో రోజు హాయిగా టీ తాగుతూ కూర్చున్నాను. పన్నెండు. ఐదో రోజుకు ఇరవై.

గ్రూపులో మర్యాదగానే అడిగాను, "సార్, మీ రిపోర్టులో ఎనిమిదే కదా?" అని. వచ్చిన జవాబు: "రిపోర్టు చదవడం రానివాళ్ళు కిరాణా కొట్టు పెట్టుకోవాలి." మరుక్షణం నన్ను గ్రూపులోంచి తీసేశారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టక ఆ ట్రేడ్ల పట్టిక తెరిచాను. తేదీల గడిలో ప్రతి తేదీ నాలుగేసిసార్లు ఉంది! రోజూ ఒకే సమయానికి నాలుగు స్ట్రైకుల్లో కాల్స్ కొనడమే ఆ స్ట్రాటజీ. సూచీ పడితే నాలుగు స్టాప్‌లాస్‌లూ కలిసే తగులుతాయి, సగటున 4,500 చొప్పున రోజుకు 18,000. ఆయన వాటిని విడదీసి, ఒకటి మొదటి వారంలోకి, ఒకటి చివరి వారంలోకి విసిరి కలిపారు. కలిసి చచ్చేవాటిని విడివిడిగా చంపితే నష్టం చిన్నగానే కనబడుతుంది మరి.

నాలుగింటినీ ఒక కట్టగా ఉంచి, 50 రోజులను నేనే కలిపి చూశాను. లక్షన్నర దాకా పడే వరుసలు బయటపడ్డాయి. ఆరు రోజుల వరుస నష్టం అరుదేమీ కాదు, అంటే 24 ట్రేడ్లు. నాకు జరిగింది వింత కాదు, ఆ లెక్కలో మామూలే.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల పద్దుల్లో తేదీలు సరిచూసే ఉద్యోగం నాది. నా డబ్బు దగ్గరికి వచ్చేసరికి తేదీ గడి చూడలేదు. భేష్!

కొనేవాళ్ళు ముందు పట్టిక అడగండి, ప్రవేశ, నిష్క్రమణ సమయాలతో సహా. ఒకేసారి తెరిచినవి ఉంటే కట్టలుగానే కలపండి. నష్టం వచ్చాక లాట్లు పెంచే స్ట్రాటజీ అయితే అసలు కలపనే కూడదు, అక్కడ వరుసే ప్రాణం. పట్టిక ఇవ్వనంటే ఆ 12,000 మీ దగ్గరే ఉంచుకోండి.