పాదం నుంచి పిడికిలి దాకా: కుడి స్ట్రెయిట్ పంచ్‌పై మూడేళ్ల సాధన తర్వాత సమీక్ష

విజయనగరంలోని మా ఇంటి వసారాలో 30 కిలోల పంచింగ్ బ్యాగ్ వేలాడదీసి, మూడేళ్లుగా వారానికి నాలుగు సాయంత్రాలు సాధన చేస్తున్నాను. సమీక్ష బ్యాగ్ గురించి కాదు. వెనుక పాదంతో నేలను నెట్టి కుడి స్ట్రెయిట్ కొట్టమని మాస్టారు నేర్పిన పద్ధతి నాకు ఎంతవరకు పనికొచ్చిందన్నదే ఇక్కడి విషయం.

మొదటి ఏడాది అది దాదాపు పనికిరాలేదు, తప్పు నాదే. నేలను గట్టిగా నెట్టినప్పుడు మడమ దానంతటదే తిరుగుతుంది. నేనేమో ఆ తిరగడమే అసలు పని అనుకుని, బీడీ ముక్కను నలిపినట్టు పాదాన్ని తిప్పి ఊరుకునేవాణ్ణి. కుడి పాదం ముందుభాగం నేలను కిందికీ వెనక్కీ నొక్కితే, నేల అంతే బలంతో మనల్ని ముందుకు నెడుతుంది. ఆ ఊపుకు కుడి తుంటి ముందుకు తిరుగుతుంది. భుజం రెప్పపాటు ఆలస్యంగా కదలడం వల్ల పొట్ట పక్క కండరాలు సాగి, వెంటనే ముడుచుకుంటూ భుజాన్ని విసురుతాయి. చేయి చివరగా వెళుతుంది. ఎడమ కాలు అప్పుడు గట్టిగా నిలబడి బ్రేకు వేయాలి. ఆ మోకాలు ముందుకు కుంగిపోతే, పిడికిలికి చేరవలసిన ఊపులో కొంత ఒళ్లు ముందుకు తూలడానికే ఖర్చవుతుంది.

1985లో సోవియట్ పరిశోధకులు ప్రచురించిన లెక్క ప్రకారం, దెబ్బ బలంలో కాలి వాటా మేటి బాక్సర్లలో సుమారు 38 శాతం, కింది స్థాయివారిలో 16 శాతం మాత్రమే. నేను ఏ కోవలో ఉన్నానో ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకున్న రోజునే తెలిసింది: భుజం ముందు బయలుదేరింది, తుంటి దాని వెనకాల వచ్చింది. అప్పటి నుంచి రెండు నెలలు బలంగా కొట్టడం మానేసి, తుంటి కదిలాకే చేయి వదలడం ఒక్కటే చేశాను. తేడా బ్యాగే చెప్పింది. మునుపు అది ఉయ్యాలలా దూరం ఊగేది, అంటే నేను తోస్తున్నానన్నమాట. తరువాత ఉన్నచోటే ముడుచుకుని, గొలుసు ఒక్కసారి గలగలమనేది.

పిడికిలి తగిలే క్షణంలోనే బిగుసుకోవాలన్నది కూడా ఆలస్యంగానే అబ్బింది. ముందే బిగిస్తే చేతిని మడిచే కండరం చాచే కండరానికి అడ్డుపడి వేగం తగ్గుతుంది.

నేల విషయంలో మాత్రం నాకు ఇంకా అసంతృప్తి ఉంది. మా వసారా నున్నటి గచ్చు మీద వానాకాలంలో పాదం జారి, తుంటికి చేరేలోపే బలం పోయేది. రబ్బరు మ్యాట్ వేస్తే జారడం ఆగింది కానీ, బూటు పట్టేసి పాదం తిరగక, ఆ మెలిక మోకాలి మీద పడి లోపలివైపు నొప్పి మొదలైంది. మడమను ముందే కాస్త ఎత్తి ఉంచడం అలవాటయ్యాక నొప్పి తగ్గింది.

వెనక్కి తగ్గుతూ కొట్టేటప్పుడు మాత్రం ఈ పద్ధతి నాకు ఇప్పటికీ కుదరడం లేదు. కుడి పాదం గాలిలో ఉండగా నెట్టడానికి నేల దొరకదు, అప్పుడు నేను కొట్టేది ఉత్త చేతి దెబ్బే.