మార్కెట్ క్యాపా, ఎఫ్‌డీవీయా: కాయిన్ కొనేముందు ఏది చూడాలి?

ఇప్పుడు చలామణిలో ఉన్న టోకెన్లను ధరతో గుణిస్తే మార్కెట్ క్యాప్. ఎప్పటికైనా రాగల మొత్తం టోకెన్లను అదే ధరతో గుణిస్తే ఎఫ్‌డీవీ. బిట్‌కాయిన్‌లో ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, 2.1 కోట్ల పరిమితిలో చాలా భాగం ఎప్పుడో బయటికొచ్చేసింది. కొత్త టోకెన్లతోనే అసలు తంటా.

ఎథీరియమ్ మీద నడిచే నెట్‌వర్క్ ఆర్బిట్రమ్ టోకెన్‌నే తీసుకోండి. మొత్తం 1,000 కోట్ల టోకెన్లు. 2023 మార్చిలో మొదలైనప్పుడు చలామణి 127.5 కోట్లు. లెక్క తేలిగ్గా ఉండేందుకు ధర 2 డాలర్లనుకుందాం. మార్కెట్ క్యాప్ 255 కోట్ల డాలర్లు, ఎఫ్‌డీవీ 2,000 కోట్లు. మొదటిదే చూసినవాడికి కాయిన్ చవగ్గా కనిపిస్తుంది.

2024 మార్చి 16న టీమ్‌కు, ఇన్వెస్టర్లకు ఒక్కసారే దాదాపు 111 కోట్ల టోకెన్లు అన్‌లాక్ అయ్యాయి, అంటే అప్పటిదాకా అమ్మడానికి వీల్లేకుండా ఆపినవి విడుదలయ్యాయి. మొదటి చలామణిలో అది 87 శాతం. ధర 2 డాలర్ల దగ్గరే నిలవాలంటే మార్కెట్ క్యాప్ 477 కోట్లకు పెరగాలి. వేట నిషేధం ముగిసి బోట్లన్నీ ఒకేసారి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి చేరిన రోజు చేప ధర ఏమవుతుందో మనకు తెలిసిందే.

ఇక్కడే మార్కెట్ క్యాప్ చేసే మోసం చూడండి. ధర 1.20కి పడితే మన డబ్బు 40 శాతం పోయినట్టు. కానీ 238.5 కోట్ల టోకెన్లతో గుణిస్తే మార్కెట్ క్యాప్ 286 కోట్లు. అంటే స్క్రీన్ మీద పెరిగినట్టే కనిపిస్తుంది!

అలాగని ఎఫ్‌డీవీని గుడ్డిగా నమ్మినా తప్పే. టోకెన్ ఉన్నవాళ్లు ఓటుతో నడిపే సంఘం డీఏఓ, దాని ఖజానాలో ఉన్నవి ఓటు పడితే తప్ప కదలవు, వాటినీ అది ఈరోజు ధరకే లెక్కేస్తుంది.

నాలుగు రోజుల ట్రేడ్‌కైతే మార్కెట్ క్యాప్, రోజువారీ వాల్యూమ్ చాలు. ఏడాది ఉంచుకునేదైతే ఎఫ్‌డీవీతో మొదలుపెట్టి అన్‌లాక్ షెడ్యూల్ దగ్గరికి వెళ్లాలి. మా ఓటు షెడ్యూల్‌కే. మీరు ఉంచుకునే కాలంలో ఎన్ని టోకెన్లు వస్తాయో కూడి, ఇప్పటి చలామణితో భాగించండి. అవి ఎవరి చేతికి వెళ్తాయో చూడండి: పైసల ధరకు కొన్న తొలి ఇన్వెస్టర్ సగం ధరకు అమ్మినా లాభమే. ఒక్కసారి పడే క్లిఫ్ వేరు, నెలనెలా జారే విడుదల వేరు. ఆర్బిట్రమ్‌లో క్లిఫ్ తర్వాత 2027 మార్చి వరకు నెలకు దాదాపు 9.26 కోట్ల చొప్పున పెట్టారు.

అన్‌లాక్ తేదీకి ముందురోజు అమ్మేద్దాం అనుకుంటే తరచూ ఆలస్యమే. టోకెన్లు రావాల్సినవాళ్లు ఫ్యూచర్స్‌లో ముందే షార్ట్ పెట్టుకోవచ్చు, అంటే ధర పడితే లాభం వచ్చేలా ముందుగానే అమ్మేయొచ్చు, అప్పుడు పతనం తేదీకి ముందే మొదలవుతుంది. పైగా మన దగ్గర లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుకోనివ్వరు. అందుకే ఈ లెక్క కొనకముందే వేసుకోవాలి.