ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్స్ ఇవ్వకుండా నాన్చే ఓనర్లతో జాగ్రత్త

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేయబోతున్నవాళ్లు, ఇప్పటికే ఖాళీ చేసి అడ్వాన్స్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇది చదవండి. మియాపూర్ వైపు మేమున్న ఫ్లాట్ ఓనర్ మా డబ్బు ఇవ్వనని ఒక్కసారి కూడా అనలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇవ్వనంటే గొడవ పడొచ్చు, "ఇస్తాను లెండి, కొత్తవాళ్లు దిగనివ్వండి" అనే మనిషితో ఏం గొడవ పడతాం?

అద్దె 20,000, అడ్వాన్స్ మూడు నెలలది, అంటే 60,000. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి 15,000 పట్టుకుంటానని అగ్రిమెంట్‌లో ఉంది, మేం ఒప్పుకున్నదే. నెల ముందే నోటీసు ఇచ్చాం, చివరి నెల అద్దె కట్టాం. తాళాలు తీసుకున్నరోజు ఓనర్ ఇల్లంతా తిరిగి చూసి "బాగానే ఉంచారమ్మా" అన్నారు. డబ్బు అకౌంట్లో వేస్తానన్నారు. తర్వాత కొత్త టెనెంట్ దొరకలేదన్నారు, దొరికాక వాళ్లింకా అడ్వాన్స్ ఇవ్వలేదన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఇల్లు చూపించిన బ్రోకర్‌కి చేస్తే "అది మీరూ మీరూ చూసుకోవాలి మేడమ్" అన్నాడు. కమిషన్ తీసుకున్నాక వాళ్లంతే.

కొత్త టెనెంట్ రావడానికీ మీ అడ్వాన్స్‌కీ సంబంధం లేదు. అగ్రిమెంట్‌లో అలా రాసుకుంటే తప్ప, ఇల్లు అప్పగించాక ఆ డబ్బు మీకు తిరిగి రావాల్సిన బాకీ. మరి కారణం చెప్పకుండా ఎందుకు లాగుతారు? చాలామంది విసిగిపోయి వదిలేస్తారని ఒక లెక్క. ఇంకోటి, కొన్నాళ్లు గడిస్తే ఇల్లు ఏ స్థితిలో అప్పగించారో ఎవరికీ గుర్తుండదు. అప్పుడు ఏ రిపేరైనా మీ మీద రాయొచ్చు. కాబట్టి తాళాలిచ్చే రోజే మీ కేసు తయారవ్వాలి.

ఆరోజు మా వారు సామాన్లు ఎక్కించిన తర్వాత ఖాళీ ఇల్లంతా ఒకే వీడియోగా తీశారు. వంటింటి కప్‌బోర్డు తలుపులు ఒక్కొక్కటీ తెరిచి మూశారు, బాత్రూంలో కుళాయిలు తిప్పి నీళ్లు వదిలారు, గీజర్ ఆన్ చేసి లైటు వెలగడం చూపించారు, చివర్లో కరెంటు మీటర్ రీడింగ్. నాకప్పుడు అతిగా అనిపించింది కానీ తర్వాత మమ్మల్ని కాపాడింది అదే. తాళాలిచ్చిన వెంటనే ఓనర్‌కి వాట్సాప్‌లో "ఈరోజు రెండు సెట్ల తాళాలు మీకు అప్పగించాం, ఇల్లు మీరు చూసుకున్నారు" అని పెట్టాం. ఆయన బొటనవేలు గుర్తు పెట్టారు. ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. కోర్టుకి వెళ్తే ఇలాంటి వాటికి సర్టిఫికెట్ జతచేయాలి, అది వకీలు చూసుకుంటారు.

ఫోన్లు ఎత్తనప్పుడు మళ్లీ మళ్లీ చేయడం వల్ల మిగిలేది టెన్షనే. దాని బదులు లెక్క కట్టి రాతలో పెట్టండి. మీరు ఇవ్వాల్సింది మీరే తీసేయండి. మేం 60,000లో పెయింటింగ్ 15,000, చివరి కరెంటు బిల్లు 1,460 తీసేసి, మిగిలిన 43,540 ఫలానా తేదీలోగా వేయమని, ఇంకేమైనా పట్టుకోవాలనుకుంటే బిల్లులతో సహా చెప్పమని రాశాం. మొత్తం అరవై వేలూ అడిగితే పెయింటింగ్ సంగతి పట్టుకుని ఆయన ఇంకో ఆర్నెల్లు వాదించేవారు. ఈ మెసేజ్‌కీ జవాబు రాలేదు. రాకపోయినా పనికొచ్చింది, కారణం అడిగినా చెప్పలేదని దాంతో రుజువైంది.

తర్వాత వకీలుతో లీగల్ నోటీసు. ఇందులో చాలామంది వదిలేసే ముక్క వడ్డీ. ఫలానా తేదీ నుంచి వడ్డీ కూడా అడుగుతున్నామని నోటీసులో స్పష్టంగా రాస్తే, 1978 నాటి వడ్డీ చట్టం ప్రకారం ఆ తేదీ నుంచి వడ్డీ ఇప్పించే అధికారం కోర్టుకి ఉంటుంది. నోటీసు అగ్రిమెంట్‌లో ఉన్న అడ్రస్‌కి, డెలివరీ రుజువు వచ్చేలా పోస్టులో పంపించండి. తీసుకోనన్నారని కవరు వెనక్కి వస్తే దాన్ని విప్పకుండా అలాగే దాచండి. సరైన అడ్రస్‌కి పంపి, వద్దన్నట్టు పోస్టల్ వాళ్లు రాసిస్తే మామూలుగా అందినట్టే లెక్క.

మా నోటీసు అందాక ఓనర్‌కి ఉన్నట్టుండి కారణాలు దొరికాయి. కప్‌బోర్డులు ఉబ్బిపోయాయట, బాత్రూం టైల్స్ పగిలాయట, మొత్తం 35,000 ఖర్చట. ఒక్క బిల్లూ లేదు. వీడియోలో తలుపులన్నీ చక్కగా మూసుకుంటున్నాయి. నిజానికి కొద్దిగా రంగు వెలిసినా, గోడకి మేకు గుర్తులున్నా అది వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల. ఆస్తి బదిలీ చట్టం కూడా దాన్ని అద్దెకున్నవాళ్ల నెత్తిన వేయదు. పగలగొట్టినవి, పీకేసినవి వేరు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ వ్యవహారం అంటారు, వాళ్లన్నది నిజమే. కన్జ్యూమర్ కోర్టు కూడా మామూలు అద్దె తగాదాలకి సరైన చోటు కాదు. ఓనర్ ఫోటో, నంబర్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో పెట్టి తిట్టాలనిపిస్తుంది. పెట్టకండి, పరువునష్టం అంటూ ఎదురు కేసు వేసే అవకాశం ఆయనకి మనమే ఇచ్చినట్టవుతుంది.

దావా వేయకముందే వెళ్లగలిగే చోటు లోక్ అదాలత్. మా పరిధిలోని కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయ సేవాధికార కమిటీలో ప్రీ లిటిగేషన్ దరఖాస్తు ఇచ్చాం. కోర్టు ఫీజు లేదు. అగ్రిమెంట్, బ్యాంక్ స్టేట్‌మెంట్, వాట్సాప్ ప్రింట్లు, నోటీసు కాపీ జతచేస్తే వాళ్లే ఓనర్‌కి నోటీసు పంపి పిలుస్తారు. అక్కడ ఎవరి మీదా తీర్పు రుద్దరు, ఇద్దరూ ఒప్పుకుంటేనే పరిష్కారం. ఓనర్ రాకపోయినా, ఒప్పుకోకపోయినా మళ్లీ దావా దారే. మా ఓనర్ వచ్చారు. వీడియో చూపించాక టైల్స్ మాట మళ్లీ ఎత్తలేదు. 42,000కి కుదిరింది. 22,000 అక్కడికక్కడే ఫోన్‌లో వేశారు, మిగతా 20,000కి తేదీ అవార్డులో, అంటే రాజీ కుదిరాక లోక్ అదాలత్ రాసిచ్చే ఉత్తర్వులో రాయించాం. ఈ రాయించడం ముఖ్యం. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, తేదీ తప్పితే నేరుగా అమలుకి వెళ్లొచ్చు. బయట కూర్చుని "సరే, ఇస్తా" అనుకుని వచ్చేస్తే మళ్లీ మొదటికే. పదిహేను వందల చిల్లర వదులుకున్నాం, దావా వేసుంటే కోర్టు ఫీజుకీ వకీలుకీ అంతకంటే ఎక్కువే అయ్యేది.

అడ్వాన్స్ నగదుగా ఇచ్చినవాళ్లకి మాత్రం కష్టమే. అగ్రిమెంట్‌లో అంకె ఉన్నా, స్టాంపు డ్యూటీ సరిగ్గా కట్టని అగ్రిమెంట్‌ని కోర్టులో సాక్ష్యంగా తీసుకోవాలంటే తక్కువైన డ్యూటీ, జరిమానా కట్టాలి. వంద రూపాయల పేపర్ మీద రాసుకున్నవాళ్లంతా ఈ సంగతి వకీలుని అడగండి. నగదుగా ఇచ్చుంటే ఇంకా ఇంట్లో ఉండగానే "మా అడ్వాన్స్ 60,000 మీ దగ్గర ఉంది కదా" అని మాటల్లో కలిపి మెసేజ్ పెట్టి, అవుననిపించుకోండి. ఖాళీ చేశాక అడిగితే ఆ జవాబు రాదు.

ఇప్పటికే ఏడాది, రెండేళ్లుగా తిరుగుతున్నవాళ్లు ఖాళీ చేసిన తేదీ చూసుకోండి. డబ్బు రావాల్సిన రోజు నుంచి 3 ఏళ్లలోపే దావా వేయాలి. ఓనర్ ఫోన్‌లో నోటిమాటగా ఎన్నిసార్లు "వచ్చే నెల" అన్నా, లీగల్ నోటీసు ఎన్నిసార్లు పంపినా ఆ గడువు పెరగదు.