సమ్మయ్యను ‘సమాయా’ కాకుండా కాపాడిన పది సెకన్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నా పేరు సమ్మయ్య. మేడారం జాతర ఏడాది పుట్టానని నానమ్మ పెట్టిన పేరు. హనుమకొండలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను, క్లయింట్లు ఎక్కువగా యూరప్, అమెరికా వాళ్లు. మా వైపు వీధికొక సమ్మయ్య ఉంటాడు కాబట్టి ఈ పేరు పలకడం కష్టమని ఎవరైనా అంటే నవ్వొచ్చేది. మొదటి విదేశీ కాల్ వచ్చేదాకా.

లింక్డ్ఇన్‌లో పేరును మన గొంతుతో రికార్డు చేసి పెట్టుకునే సౌకర్యం 2020లో వచ్చింది. ప్రొఫైల్‌లో పేరు పక్కన చిన్న స్పీకర్ గుర్తు కనిపిస్తుంది, నొక్కితే మన గొంతు వినిపిస్తుంది. నేను పెట్టుకుని నాలుగేళ్లు దాటింది. ఈ మధ్యలో అయిదుసార్లు రికార్డు చేశాను. నిజంగా పనిచేసింది అయిదోది మాత్రమే. మొదటి నాలుగూ ఎందుకు పనిచేయలేదో తెలుసుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

ముందు అసలు చిక్కు చెబుతాను. నా పేరు ఇంగ్లిష్‌లో Sammaiah. ఈ అక్షరాలు చూసిన అమెరికా మనిషి బుర్రలో మూడు పొరపాట్లు ఒకేసారి జరుగుతాయి. మొదట Sam కనిపిస్తుంది కాబట్టి ‘శ్యామ్’కు దగ్గరగా నోరు తెరుస్తాడు. మన పొట్టి ‘అ’ వాళ్లకు Sum అని రాస్తేనే వస్తుంది. తర్వాత చివర్లో aiah చూడగానే వాళ్లకు తెలిసిన బైబిల్ పేరు Isaiah గుర్తొస్తుంది. మల్లయ్య, రాజయ్య, కొమురయ్య, ఐలయ్య, ఎవరైనా సరే ఆ తోక దగ్గర ‘ఆయా’ అనో ‘ఏయా’ అనో సాగాల్సిందే. మూడోది మకారం వత్తు. ఇంగ్లిష్‌లో mm అని రెండుసార్లు రాసినా పలికేది ఒక్కటే. మనం ఎండాకాలాన్ని ‘సమ్మర్’ అంటాం, వాళ్లు ‘సమర్’ అంటారు. అలా నేను సమాయానయ్యాను, సమేయానయ్యాను, ఒకసారి ఏకంగా ‘సమోయా’నయ్యాను. మా వదిన స్వాతిది ఇంకో బాధ. మనం ‘త’ కోసం th రాసుకుంటాం, వాళ్లేమో దాన్ని థింక్‌లో లాగా నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకుతారు.

రికార్డు చేయడం నిమిషం పని. ఫోన్‌లోని యాప్‌లోనే చేయాలి, కంప్యూటర్‌లో వినడమే తప్ప రికార్డింగ్ కుదరదు. ప్రొఫైల్‌లో పెన్సిల్ గుర్తు నొక్కితే పేరు వివరాల దగ్గరే Name pronunciation అని ఉంటుంది. మైక్ గుర్తును వేలితో నొక్కి పట్టుకుని మాట్లాడాలి, వేలు తీస్తే ఆగిపోతుంది. గరిష్ఠంగా పది సెకన్లు. విని చూసుకుని, నచ్చకపోతే మళ్లీ చేయొచ్చు. మధ్యలో ముక్క కత్తిరించి సరిచేయడం ఉండదు, మొత్తం మళ్లీ చెప్పాల్సిందే.

నా మొదటి రికార్డింగ్ వారం రోజులు అలాగే ఉంది. ఒక సాయంత్రం వదిన సరదాగా తన ఫోన్‌లో నొక్కి పడీపడీ నవ్వింది. అందులో వినిపించింది ‘అమ్మయ్య’. వేలు పెట్టిన క్షణంలోనే మాట మొదలుపెట్టాను, రికార్డింగ్ అందుకునేలోపు ‘స’ ఎగిరిపోయింది. వారం రోజులుగా క్లయింట్లకు నేను ఊపిరి పీల్చుకుంటున్నట్టే వినిపించానన్నమాట. చివర్లో కూడా ఇదే జరుగుతుంది. మాట పూర్తయీ కాకముందే వేలు తీస్తే ‘సమ్మ’ దగ్గర తెగుతుంది. అందుకే ఇప్పుడు నొక్కాక మనసులో ‘ఒకటి’ అనుకుని మొదలుపెడతాను, పేరు అయ్యాక ఇంకో ‘ఒకటి’ అనుకుని వేలు తీస్తాను.

రెండోదాంట్లో పేరు మొత్తం వచ్చింది, కానీ వెనకాల ఫ్యాను, దానిపైన ఆటో హారన్, దూరంగా కాజీపేట వైపు పోయే రైలు. మన చెవి వీటిని పట్టించుకోదు, ఎందుకంటే మనకు పేరు ముందే తెలుసు. తెలియని మనిషికి ‘మ్మ’కూ ‘మ’కూ తేడా పట్టుకోవాలంటే నిశ్శబ్దం కావాలి. ఖాళీ గదిలో గోడలు ప్రతిధ్వనిస్తాయి. చివరికి బొంతలు, దుప్పట్లు మడిచి పెట్టిన బీరువా తలుపు తీసి, అందులోకి తల పెట్టి, ఫోన్‌ను నోటికి జానెడు కంటే కొంచెం తక్కువ దూరంలో పట్టుకుని చెప్పాను. స్టూడియో అంత శుభ్రంగా వచ్చింది. ఆ స్థితిలో నన్ను చూసిన అమ్మ మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ బీరువా రికార్డింగే మూడోది. శబ్దం బాగుంది, పేరే బాలేదు. అమ్మకు వినిపించాను. “ఎవడు బిడ్డా వీడు?” అంది. “నేనేనే” అంటే, “నీ పేరు నువ్వే గట్ల పలుకుతున్నవేందిరా” అంది. మళ్లీ విన్నాక అర్థమైంది. వాళ్లకు సులువుగా ఉంటుందని నేనే నా పేరును వాళ్ల యాసలోకి తిప్పేశాను. ‘సా-మా-యా’ అని సాగదీశాను. కాల్స్‌లో ఏళ్ల తరబడి మాట్లాడేవాళ్లలో చాలామందికి ఈ జబ్బు ఉంటుంది, మనకే తెలియదు. తప్పు పలుకును నా గొంతుతోనే ఖాయం చేసి పెట్టానన్నమాట. దీనికి పరీక్ష ఒకటే: ఇంట్లో వాళ్లకు వినిపించడం. వాళ్లు వెనక్కి తిరిగి చూస్తే అది మీ పేరు.

నాలుగోది అమ్మ పాస్ చేసింది. అయినా ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ చేసినావిడ నన్ను మా ఇంటిపేరుతో పిలిచింది. మెయిల్ చూస్తే అదీ ‘హాయ్’ తర్వాత ఇంటిపేరే. ఇది ఆవిడ తప్పు కాదు. మన టెన్త్ మెమో నుంచీ ఇంటిపేరు ముందు రాసుకోవడం అలవాటు కదా, ప్రొఫైల్‌లో కూడా First name గడిలో నేను ఇంటిపేరే నింపాను. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆ గడిలో ఏముంటే దాన్నే పట్టుకుని మెయిల్ పంపుతుంది. గొంతు ఎంత బాగా రికార్డు చేసినా, గడులు తారుమారైతే వాళ్లు పిలిచేది ఇంకో పేరే. గడులు సరిచేశాను. ఆ నాలుగో రికార్డింగ్‌ను కూడా ఇంటిపేరుతోనే మొదలుపెట్టాను, అది తీసేశాను.

అయిదోది ఇలా ఉంది. మొదట పేరు మామూలుగా, నన్ను ఎవరైనా పిలిచినట్టు: సమ్మయ్య. కొంచెం ఆగి, విడదీసి: సమ్-మయ్-య. మళ్లీ ఒకసారి మామూలుగా. అంతా కలిపి ఆరు సెకన్లు. హాయ్ లేదు, నేను ఫలానా పని చేస్తానన్నది లేదు. విడదీసిందే ఒక్కటీ ఉంటే వాళ్లు రోబోలా ముక్కలుగా పిలుస్తారు, మామూలుగా అన్నది ఒక్కటే ఉంటే వత్తు వాళ్ల చెవికి అందదు. రెండూ కావాలి.

అసలు మార్పు మాత్రం గొంతుతో కాదు, దాని పక్కన రాసిన ముక్కతో వచ్చింది. ఒక డచ్ క్లయింట్ రికార్డింగ్ మూడుసార్లు విని కూడా ‘సమయ్య’ దగ్గరే ఆగిపోయాడు. ఇంగ్లిష్‌లో ఒక మాట లోపల వత్తు పలకడం కష్టం కానీ, రెండు మాటల మధ్య అదే వత్తు అందరికీ వస్తుంది. some milk అన్నప్పుడు ఆ రెండు మకారాలు కలిసి బరువుగానే పడతాయి. అందుకని అతనికి ఇలా టైప్ చేసి పంపాను:

```
some-my-ya
```

మొదటిసారికే ‘సమ్మయ్య’ అన్నాడు. అచ్చం మా వీధిలో అన్నట్టు. Some వల్ల ‘శ్యామ్’ పోయింది, my వల్ల ‘ఏయా’ పోయింది, రెండూ కలిసే చోట వత్తు దానంతటదే పడింది. మీ పేరుకు కూడా ఇలా వాళ్లకు ముందే తెలిసిన చిన్న మాటలు దొరుకుతాయేమో వెతకండి. విచిత్రమైన గుర్తులతో రాసిన ఉచ్చారణను ఎవరూ చదవరు. ఇప్పుడు ఇది నా మెయిల్ సంతకంలో పేరు కిందే ఉంటుంది, దాని పక్కన ప్రొఫైల్ లింకు.

మెయిల్ సంతకంలో ఎందుకంటే, ఈ సౌకర్యానికి పెద్ద పరిమితి అదే. రికార్డింగ్ ప్రొఫైల్ దాటి ఎక్కడికీ రాదు. రెజ్యూమె పీడీఎఫ్‌లో మన పేరు చూసి నేరుగా ఫోన్ చేసే రిక్రూటర్‌కు ఆ స్పీకర్ గుర్తు ఎదురే పడదు. ఎవరికి వినిపించాలో ఎంచుకునే చోట మన కనెక్షన్లకే పరిమితం చేసినా ఫలితం సున్నా, ఎందుకంటే కొత్త రిక్రూటర్ మన కనెక్షన్లలో ఉండడు కదా. గొంతు నకలు చేస్తారేమోనన్న భయంతో నేను మొదట్లో అలాగే పెట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, నా యూట్యూబ్ పాఠాల్లో గంటల కొద్దీ గొంతు ఎలాగూ ఉంది, ఈ ఆరు సెకన్లు దాచి లాభమేంటి అనిపించి తెరిచేశాను. గొంతు ఎక్కడా బయట లేనివాళ్లు వేరేలా తేల్చుకోవచ్చు.

పని మొదలయ్యాక కంపెనీ స్లాక్‌లోనూ ఇదే మళ్లీ చేయాలి, లింక్డ్ఇన్‌లో పెట్టింది అక్కడికి రాదు. అక్కడ ప్రొఫైల్‌లో Name recording, Name pronunciation అని రెండూ ఉంటాయి: ఒకటి గొంతుకు, ఒకటి రాతకు. నా అనుభవంలో ఇదే మెరుగు, ఎందుకంటే రాత, గొంతు ఒకేచోట కనిపిస్తాయి. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి మీటింగ్‌కు ముందు పేర్లు చూసుకునేది కూడా అక్కడే.

ఇంతకీ ఎంతమంది నొక్కి వింటారు? నాకు తెలిసే దారి లేదు, ఎవరు విన్నారో అది చూపించదు. పిలిచిన తీరును బట్టి ఊహించుకోవడమే. సంతకంలో ఆ ముక్క చేరాక మొదటి కాల్‌లోనే సరిగ్గా పిలిచేవాళ్లు బాగా పెరిగారు, స్పీకర్ గుర్తు ఒక్కటే ఉన్న రోజుల్లో అరుదు.

వినని వాళ్లమీద నాకు కోపం లేదు. ఎందుకంటే పోయినేడు ఐర్లండ్ నుంచి ఒక రిక్రూటర్ కాల్ చేసింది. మొదటి మాటే “సమ్మయ్య, కరెక్టేనా?” అంది. పొంగిపోయి “చాలా థ్యాంక్స్, నియామ్” అన్నాను. ఆవిడ పేరు Niamh. ఒక క్షణం ఆగి, నవ్వి, “దాన్ని నీవ్ అంటారు” అంది. కాల్ అయ్యాక ఆవిడ ప్రొఫైల్ చూశాను. పేరు పక్కనే స్పీకర్ గుర్తు ఉంది. రెండు రోజుల ముందే ఆ పేజీ తెరిచి ఆవిడ కంపెనీ, ఊరు, అనుభవం అన్నీ చదివాను, అదొక్కటే నొక్కలేదు.

ఇప్పుడు వారానికోసారి మాట్లాడుకుంటాం. మొన్న కాల్ పెట్టేశాక అమ్మ వంటింట్లోంచి అడిగింది: “మమ్ములనైతే నువ్వు నువ్వు అంటవ్, గామెను గంత మర్యాదగ నీవు నీవు అంటున్నవ్, ఎవరురా ఆమె?”