స్టొకాస్టిక్ 80 దాటింది: అమ్మాలా, ఆగాలా?

స్టొకాస్టిక్ అంటే షేరు ధర కదలికను 0 నుంచి 100 వరకు కొలిచే సూచిక. ముందు ఆ 80 ఏం చెబుతోందో చూడాలి. గత 14 రోజుల కనిష్ఠం, గరిష్ఠం మధ్య నేటి ముగింపు ఎంత ఎత్తులో ఉందన్నదే %K. షేరు ఖరీదైపోయిందని దానర్థం కాదు.

రేంజ్‌లో: షేరు నెలలుగా 480, 520 మధ్యే తిరుగుతోంది. ముగింపు 514 అయితే రీడింగ్ 85. పైన ఇంకా 6 రూపాయలే ఉంది, కింద 34. %K మళ్లీ 80 కిందికి దిగగానే అమ్మేయడం మేలు.

ట్రెండ్‌లో: కనిష్ఠం 520, గరిష్ఠం 580, ముగింపు 577. రీడింగ్ 95. కొన్నాళ్లకు అవే 535, 600, 596 అయ్యాయనుకోండి, రీడింగ్ 94. ధర 19 రూపాయలు పెరిగినా సూచిక కదల్లేదు! నేనూ మొదట్లో ఇలాంటి చోటే తొందరపడి అమ్మేసి, తర్వాత పైధరకు కొనలేక చూస్తూ కూర్చున్నాను.

శ్రమ: రేంజ్‌లో సూచిక, 480, 520 దగ్గర రెండు గీతలు చాలు. ట్రెండ్‌లో ధర దిగినప్పుడల్లా ఏర్పడే కొత్త కనిష్ఠానికి కాస్త దిగువన ఉండేలా, ధర అంతకు పడితే అమ్మేసే స్టాప్‌లాస్‌ను పైకి జరుపుతూ ఉండాలి. అమ్మడానికి 80 కిందికి దిగడం ఒక్కటే చాలదు, ఆ కనిష్ఠం కూడా తెగాలి.

రిస్క్: రేంజ్‌లో అమ్మాక 520 దాటి పరుగెత్తవచ్చు. ట్రెండ్‌లో ఆగితే శిఖరం నుంచి కొంత లాభం వదులుకోక తప్పదు, ఒక్కోసారి నిన్నటి ధర కంటే బాగా కింద మొదలయ్యే గ్యాప్‌డౌన్‌లో స్టాప్ ధర కూడా దొరకదు.

ఏది రేంజో, ఏది ట్రెండో తెలియడానికి ట్రెండ్ బలాన్ని కొలిచే ఏడీఎక్స్ అనే సూచిక చూస్తాను. 20 లోపుంటే రేంజ్ పద్ధతి. 25 పైన ఉండి, కనిష్ఠాలు పెరుగుతుంటే 80 దాటిన ఓవర్‌బాట్ రీడింగ్ చూసి అమ్మను. మధ్యలో ఉంటే సగం అమ్మి, మిగతా సగానికి స్టాప్ పెడతాను.