వ్యాసం రాసింది పిల్లాడా, ఏఐనా? తేల్చడానికి ఏది మేలు?

ఇంటి దగ్గర రాసుకొచ్చిన ఇంగ్లిష్ వ్యాసం మీద అనుమానం వస్తే టీచర్ ముందు మూడు దారులుంటాయి: డిటెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో వేయడం, రాసిన తీరు వెనక్కి వెళ్లి చూడడం, పిల్లాణ్ణి కూర్చోబెట్టి అడగడం.

డిటెక్టర్‌తో పని తేలిక. వ్యాసం పేస్ట్ చేస్తే ఇంత శాతం ఏఐ అని చెప్పేస్తుంది. కానీ చాలా డిటెక్టర్లు ప్రధానంగా చూసేది తర్వాతి మాటను ఎంత సులువుగా ఊహించవచ్చన్నదే. సులువుగా ఊహించగలిగితే ఏఐ రాసిందనుకుంటాయి. చిన్న వాక్యాలు, తెలిసిన నాలుగు మాటలతో జాగ్రత్తగా రాసే పిల్లాడు అక్కడే దొరికిపోతాడు. ఇంగ్లిష్ మనలో చాలామంది రాసేది అలాగే కదా! 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్‌కు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లలో వేశారు. సగటున 61 శాతం వ్యాసాలు ఏఐ రాసినవని వచ్చింది. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల విషయంలో మాత్రం అవి దాదాపు తప్పు చేయలేదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, అవే టోఫెల్ వ్యాసాల్లో పదాలను చాట్‌జీపీటీతో మెరుగుపరిచాక తప్పుడు ముద్ర బాగా తగ్గింది. అంటే నిజాయితీగా రాసినవాడికే శిక్ష.

డిటెక్టర్ చేసే తప్పు నూటికి ఒకటే అనుకుందాం. 40 మంది క్లాసులో ఏడాదికి పది వ్యాసాలైతే 400. అన్నీ సొంతంగా రాసినవే అయినా నాలుగింటి మీద దొంగ ముద్ర పడుతుంది. పైగా పిల్లల రాతలు ఎవరిదో సర్వర్‌లోకి వెళ్తాయి. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వ్యక్తిగత సమాచారం వాడాలంటే సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పేరు, రోల్ నంబరుతో సహా పేస్ట్ చేసే ముందు ఇది ఎంతమందికి గుర్తొస్తుంది?

రెండో దారి కొంత నయం. గూగుల్ డాక్స్‌లో Version history తెరిస్తే వ్యాసం మెల్లగా పెరిగిందా, ఒక్కసారిగా వచ్చి పడిందా తెలుస్తుంది. ఫోన్‌లో చూస్తూ టైప్ చేసినవాడు మాత్రం ఇందులో దొరకడు. నోటుబుక్కులో రాసే స్కూళ్లకు ఇది ఎలాగూ పనికిరాదు.

నా ఓటు మూడోదానికే. "ఈ మాట ఎందుకు వాడావు? ఈ పేరా తీసేస్తే ఏం పోతుంది?" అని అడిగితే ఐదు నిమిషాల్లో చాలావరకు తేలిపోతుంది. ఏఐ మీదే ఆధారపడ్డ పిల్లాడు తన వ్యాసంలోని వాదననే చెప్పలేకపోతాడు. అలాంటప్పుడు సున్నా వేయడం కన్నా ఆ పేరా అక్కడే మళ్లీ రాయించడం మంచిది. టైమే చిక్కు: 40 మందికి 200 నిమిషాలు, అంటే ఐదు పీరియడ్లు. అందుకని చీటీలు తీసి ఒక్కోసారి ఎనిమిది మందిని అడిగితే ఒక పీరియడ్‌లో అయిపోతుంది. అనుమానం ఉన్నవాళ్లనే పిలిస్తే మళ్లీ పక్షపాతమే. బిడియపడే పిల్లలు ఇంగ్లిష్‌లో తడబడతారు కాబట్టి జవాబు తెలుగులో చెప్పనివ్వాలి.